అద్దె పత్రంలో షల్, మే, షుడ్

ఇంగ్లీషు అద్దె ఒప్పందాన్ని తెలుగు చేసేటప్పుడు ‘షల్’ కనబడ్డ ప్రతిచోటా క్రియకు ‘ఆలి’ తగిలించడం చాలామందికి అలవాటు. అద్దెదారు ప్రతి నెలా 5వ తేదీలోగా అద్దె కట్టి తీరాలన్నది షరతైతే, ‘చెల్లించాలి’ సరిగ్గా సరిపోతుంది. పాత దస్తావేజుల్లో దాన్నే ‘చెల్లించవలెను’ అని రాసేవారు. కట్టకపోతే ఒప్పందం మీరినట్టే.

అదే పత్రం చివర ‘ఈ ఒప్పందానికి భారతీయ చట్టాలు వర్తించాలి’ అని ఉంటుంది. ఇక్కడ షల్ ఎవరికీ పని అప్పజెప్పడం లేదు, ఏ చట్టం కింద నడుచుకోవాలో తేల్చి చెబుతోంది. ‘వర్తిస్తాయి’ అంటే చాలు. గుర్తు పట్టడానికి వాక్యంలో కర్త ఎవరో చూడాలి. యజమానో అద్దెదారో అయితే అది బాధ్యత. చట్టమో గడువో అయితే అది ప్రకటన.

‘మే’తో చిక్కు ఇంకోలా వస్తుంది. తెలుగులో ‘వచ్చు’ అనుమతినీ చెబుతుంది, అనుమానాన్నీ చెబుతుంది. ‘యజమాని బకాయిని అడ్వాన్సులోంచి మినహాయించవచ్చు’ అంటే, అతనికి హక్కుందనా, అలా జరిగే అవకాశముందనా? ‘మినహాయించుకోవచ్చు’ అంటే కొంత తేటపడుతుంది. డబ్బు విషయం కనుక ‘మినహాయించుకునే హక్కు యజమానికి ఉంటుంది’ అనడమే నా దృష్టిలో మేలు. ‘మే నాట్’ ఇంకా ప్రమాదం. అద్దెదారు ఇంటిని మరొకరికి అద్దెకు ఇవ్వరాదన్న నిషేధాన్ని ‘ఇవ్వకపోవచ్చు’ అని రాస్తే, అది ఊహగా మారిపోతుంది.

షుడ్ మామూలుగా షల్ కంటే మెత్తన. ‘ఏడాదికోసారి ట్యాంకు కడిగించడం మంచిది’ అన్నట్టు రాస్తే ఆ మెత్తదనం నిలుస్తుంది. అయితే మన దగ్గర షల్ రాయాల్సిన చోట షుడ్ రాసేసేవాళ్లున్నారు. అలాంటప్పుడు అనువాదకుడు తనంతట తాను తేల్చకుండా, పత్రం రాసినవారినే అడగాలి. ఇక వాక్యం షుడ్‌తోనే మొదలైతే అందులో సలహా ఏమీ లేదు. అది ‘ఒకవేళ’. అద్దెదారు రెండు నెలలు బకాయి పడితే ఏమవుతుందో చెప్పే వాక్యాన్ని ‘అద్దెదారు బకాయి పడాలి’ అని మొదలుపెడితే అర్థం తలకిందులవుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది మధ్యవర్తిత్వ షరతు దగ్గర. 2000లో వెల్లింగ్టన్ అసోసియేట్స్ కేసులో, వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపడం గురించి ఒప్పందంలో ‘మే’ అని ఉంది. అది ఇరుపక్షాలనూ కట్టిపడేసే మాట కాదని, అటు వెళ్లాలంటే మళ్లీ ఇద్దరూ ఒప్పుకోవాలని సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎం. జగన్నాధరావు తీర్పు చెప్పారు. ఇలాంటి షరతును తెలుగులో ‘నివేదించాలి’ అని రాస్తే, మూలంలో లేని కట్టుబాటు చదివేవారి మీద పడుతుంది. సంతకం చేసే అద్దెదారు తనకు కోర్టు దారి మూసుకుపోయిందనుకుంటాడు. అక్కడ ‘ఇరుపక్షాలూ ఒప్పుకుంటే నివేదించుకోవచ్చు’ అని రాయాలి.