నెత్తిన కూచున్న తప్పు

1717లో ఆక్స్‌ఫర్డులో జాన్ బాస్కెట్ అనే ముద్రాపకుడు ఒక బైబిలు అచ్చువేశాడు. పెద్ద సైజు పుస్తకం, ముచ్చటైన అక్షరాలు, చెక్కడపు బొమ్మలు. లూకా సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కథ వస్తుంది. కథలో ద్రాక్షతోట ద్రాక్షతోటగానే ఉంది. పేజీ నెత్తిమీది శీర్షికలో మాత్రం 'విన్‌యార్డ్' అని ఉండవలసిన చోట 'వినెగర్' అని పడింది. ద్రాక్షతోట కాస్తా పులిసిన కాడి అయిపోయిందన్నమాట! ఇంకేముంది, దానికి 'వినెగర్ బైబిల్' అనే పేరు స్థిరపడింది. బాస్కెట్ అంటే బుట్ట కనుక, 'బుట్టెడు తప్పులు' అని చమత్కరించినవారూ ఉన్నారు.

అంత పెద్ద అక్షరాలు ఎలా కనబడలేదా అంటారు. ప్రూఫులు దిద్దే వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక నాకిది వింత కాదు. లోపలి మాటర్ చదివేటప్పుడు వాక్యం అర్థం మనల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. మాట తప్పితే అడుగు తడబడుతుంది. శీర్షికకు ముందూ వెనకా ఏమీ లేదు. దాన్ని చదవం, చూస్తాం. పైగా శీర్షికలు, బొమ్మల కింది మాటలు, విషయసూచిక చివరి నిమిషంలో వేరే కాగితం మీద వస్తాయి. మాటర్ మూడుసార్లు దిద్దిన తరవాత వచ్చిన వాటిని ఒక్కసారైనా దిద్దే తీరిక ఎవరికుంటుంది?

ఆమధ్య ఒక బడి స్వర్ణోత్సవ సంచిక నా చేతికి వచ్చింది. వ్యాసాల్లో భూతద్దం పెట్టినా తప్పు లేదు. హెడ్మాస్టరుగారు, "ఇక అచ్చుకి ఇచ్చేద్దామాండీ?" అన్నారు. "ఒక్క పూట ఆగండి మాస్టారూ" అని, మాటర్ జోలికి పోకుండా మిగతావే చూడటం మొదలుపెట్టాను.

విషయసూచికను ఒంటరిగా చదివి లాభం లేదు. మాస్టారు పేరూ, పేజీ అంకె పైకి చదువుతుంటే నేను ఆ పేజీ తిప్పి చూశాను. 24వ పేజీ దాకా అన్నీ సరిపోయాయి. ఆ తరవాత 27 అన్నది 29లో ఉంది, 33 అన్నది 35లో ఉంది. ఒక్క అంకె తప్పితే అది చేతిపొరపాటు. ఒకచోట మొదలై చివరి దాకా రెండేసి పేజీలు తేడా వస్తే, మధ్యలో ఏదో దూరిందని అర్థం. 24 తరవాత ఫోటోలకు రెండు పేజీలు చేర్చారు, సూచిక మాత్రం పాతదే ఉండిపోయింది. తరవాత పుస్తకం నుంచి సూచికకు ఎదురు నడిచాం. ఆలస్యంగా వచ్చిన ఒక పద్యానికి సూచికలో చోటే లేదు!

పట్టిక దగ్గర అసలు ప్రమాదం ఉంది. పుస్తకాల బీరువాకు వచ్చిన చిన్న చందాలు: 116, 258, 516, 327, 1,116. మొత్తం 2,378 అని వేశారు. కూడితే 2,333 వచ్చింది. నలభై అయిదు రూపాయలు ఏవీ? సభలో సంచిక పంచాక ఎవరైనా కూడితే మాస్టారి గతేమిటి?

లెక్కలు రాసే గుమాస్తాలకు ఒక కిటుకు తెలుసు. తేడా తొమ్మిదితో భాగింపబడితే, అంకెలు అటూ ఇటూ మారి ఉండవచ్చు. 45ని తొమ్మిదితో భాగిస్తే 5. మారినవి చివరి రెండంకెలే అయితే వాటి మధ్య తేడా 5 ఉండాలి. కూడినది తక్కువ వచ్చింది కనుక చిన్న అంకె ముందుకు జరిగి ఉండాలి. 258లో తేడా మూడే, అది కాదు. 16తో ముగిసేవన్నీ సరిపోతాయి గాని, నూటపదహార్లు ఇచ్చే దేశంలో 161 ఎవరిస్తారండీ! మిగిలింది 327. రసీదు పుస్తకం తీయించాను. ఏడో తరగతి పిల్లలు పోగుచేసినది 372. ఈ కిటుకు అనుమానం ఎక్కడ పడాలో చెబుతుందే కాని, తీర్పు చెప్పదు; రసీదు చూడక తప్పదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటే మొత్తం సరిపోయి, కిటుకు పనికే రాదు.

చివరికి ఉపాధ్యాయుల ఫోటో. కింద 'ఎడమ నుంచి కుడికి' అని పేర్లు. ముందు తలలు లెక్కపెట్టాను, తరవాత పేర్లు. తలలు పదకొండు, పేర్లు పది. మాస్టారు వేలుపెట్టి ఒక్కొక్కరినే చూస్తూ నాలుగో మనిషి దగ్గర ఆగారు. అక్కడి నుంచి ఒకరి పేరు ఇంకొకరికి జరిగిపోయింది. తెలుగు పండితులవారు డ్రిల్లు మాస్టారైపోయారు.

"ఈయన టీచరు కాడు కదా అని వదిలేశారు కాబోలు" అన్నారు మాస్టారు. ముప్పయ్యేళ్లు బడిగంట కొట్టిన ముసలాయన ఆయన. మాస్టారు నా పెన్సిలు అందుకుని, మూడో పేరు పక్కన గీత గీసి, ఆయన పేరు ఇంటిపేరుతో సహా రాసిచ్చారు.