బొమ్మ పోయింది, తొట్టి మిగిలింది

గ్రూప్స్‌కో, రైల్వే పరీక్షలకో చదువుతున్న వాళ్ల ఫోన్లలో ఇలాంటి బిట్లు రోజూ తిరుగుతుంటాయి. ‘ఎ 12 గం., బి 15 గం., సి 20 గం. మూడు పైపులూ ఒకేసారి తెరిస్తే ఖాళీ తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుంది? బొమ్మ చూడండి.’ కింద నాలుగు ఆప్షన్లు: 5, 10, 15, 30. బొమ్మ ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు చతురస్రం ఒకటే కనిపిస్తుంది. ఎంత నొక్కినా తెరుచుకోదు. పంపినవాళ్లను అడిగితే తమకూ ఎవరో పంపారంటారు. అంకెలు టైపు చేసిన మహానుభావుడెవరో అసలు తెలియదు.

అంకెలన్నీ ఉన్నాయి కదా, బొమ్మతో పనేముంది అనుకుని చాలామంది లెక్కలోకి దిగిపోతారు. పన్నెండు, పదిహేను, ఇరవైల క.సా.గు. 60. తొట్టిలో అరవై బిందెల నీళ్లు పడతాయనుకుంటే భిన్నాల గొడవ ఉండదు. ఎ పైపు 12 గంటల్లో అరవై బిందెలు పోస్తుంది కాబట్టి దాని లెక్క గంటకు 5 బిందెలు. బి 4, సి 3. మూడూ కలిస్తే గంటకు 12 బిందెలు. అరవై బిందెలకు 5 గంటలు. మొదటి ఆప్షన్ అదే. టిక్కు పెట్టేయడమే!

ఇక్కడే ఒక్క క్షణం ఆగాలి. సి పైపు తొట్టి అడుగున ఉండి, నీళ్లు బయటికి వదిలేదైతే? గంటకు 5, 4 వచ్చి, 3 పోతాయి. నికరంగా 6 బిందెలు. అంటే 10 గంటలు. అదీ ఆప్షన్లలో ఉంది. ఖాళీ చేసేది బి అయితే 5 − 4 + 3 = 4 బిందెలు, 15 గంటలు. అదీ ఉంది. ఎ అయితే −5 + 4 + 3 = 2 బిందెలు, 30 గంటలు. ఇంకేం, నాలుగు ఆప్షన్లూ నాలుగు వేర్వేరు బొమ్మలకు జవాబులే.

రెండు పైపులు ఖాళీ చేసేవైతే ఏమవుతుందో కూడా చూడొచ్చు. ఎ ఒక్కటే నింపుతూ, మిగతా రెండూ తోడేస్తే వచ్చేవి 5, పోయేవి 7. తొట్టి ఎప్పటికీ నిండదు. బి ఒక్కటే నింపినా, సి ఒక్కటే నింపినా అంతే. ‘ఎన్ని గంటల్లో నిండుతుంది’ అని అడిగారు కాబట్టి ఆ బొమ్మలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలినవి నాలుగే. ఆ నాలుగింట్లో ఏదన్నది అంకెల్ని ఎంత పిండినా బయటికి రాదు. పోయినది అంకె కాదు, అంకె ముందుండే ప్లస్సో మైనస్సో. టైపు చేసిన మనిషి దాన్ని బొమ్మకే వదిలేశాడు.

రాతలో అన్నీ చెప్పేయాలన్న పట్టుదల పాతవాళ్లకు ఉండేది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఇలాంటి లెక్కే ఉంది. నాలుగు ధారలు విడివిడిగా ఒక కోనేటిని ఒక రోజు, అర రోజు, రోజులో మూడో వంతు, ఆరో వంతు కాలంలో నింపుతాయి. అన్నీ కలిస్తే ఎంతసేపు? రోజుకు 1, 2, 3, 6 కోనేళ్ల చొప్పున మొత్తం 12 కాబట్టి రోజులో పన్నెండో వంతు. నోటికి నేర్చుకునే శ్లోకానికి బొమ్మ ఉండదు. అందుకే ‘నింపుతాయి’ అన్న మాట అందులోనే ఉండి తీరాలి. తెలుగులో పావులూరి మల్లన పద్యాల్లో గణితం చెప్పిన కాలంలోనూ పరిస్థితి అదే.

అయితే బొమ్మ పోయిన ప్రతి లెక్కా ఇలా అడ్డం తిరగదు. కొన్నింట్లో పోయిన గుర్తును అంకెలే పట్టిస్తాయి. ఈ రైళ్ల లెక్క చూడండి: ‘మొదటి రైలు పొడవు 150 మీ., వేగం గంటకు 54 కి.మీ. రెండో రైలు వేగం 36 కి.మీ. 10 సెకన్లలో ఒకదాన్నొకటి పూర్తిగా దాటాయి. రెండో రైలు పొడవెంత?’ రైళ్లు ఎదురెదురుగా వస్తున్నాయా, ఒకే వైపు పోతున్నాయా అన్నది బొమ్మలోని బాణాలు చెప్పాలి. ఆ బాణాలు లేవు.

ముందు వేగాల్ని సెకనుకు మీటర్లలోకి మార్చాలి. కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు కనక 5/18తో గుణిస్తే సరి. 54 కాస్తా 15 అవుతుంది, 36 కాస్తా 10 అవుతుంది. ఒకే వైపు పోతున్నాయనుకుంటే వేగాల తేడా 5. పది సెకన్లలో 50 మీటర్లు. ఆ యాభైలోనే రెండు రైళ్ల పొడవులూ ఇమడాలి, మొదటి రైలొక్కటే నూటయాభై! రెండో రైలు పొడవు మైనస్ వంద మీటర్లని వస్తుంది. అలాంటి రైలు ఏ పట్టాల మీదా నడవదు. ఎదురెదురుగా అయితే వేగాల మొత్తం 25, పది సెకన్లలో 250 మీటర్లు, రెండో రైలు 100 మీటర్లు. బాణాలు లేకపోయినా సందేహం లేదు.

అదే ప్రశ్నను తిప్పి, పొడవులు 150, 100 అని ఇచ్చి ‘ఎంతసేపట్లో దాటతాయి’ అంటే మళ్లీ చీకటే. ఎదురెదురుగా 10 సెకన్లు, ఒకే వైపు 50 సెకన్లు. రెండూ సాధ్యమే. అంటే దిక్కు మనకు దొరికింది రైళ్లను బట్టి కాదు, కాలం ముందే తెలియడం వల్ల. ఒక కొలత అదనంగా చేతిలో ఉంటే అది సాక్షిలా పనికొస్తుంది. అది కూడా అడిగే చోటికి వెళ్లిపోతే సాక్షి లేడు.

గుర్తు పోవడం ఒక రకం నష్టమైతే, అంకె ఆకారం మారిపోవడం ఇంకో రకం. బొమ్మలో భిన్నం నిలువుగా, గీత కింద గీతగా చక్కగా ఉంటుంది. దాన్ని కాపీ చేసి అతికిస్తే గీత ఎగిరిపోయి ఏడున్నర కాస్తా 712 అవుతుంది, పన్నెండో వంతు 112 అవుతుంది. ‘ఒకడు గంటకు 712 కి.మీ. వేగంతో నడిచాడు’ అని చదివితే నవ్వొచ్చి దొరికిపోతుంది. ‘ఒక పనిని 712 రోజుల్లో చేస్తాడు’ అంటే నవ్వు రాదు, అదే ప్రమాదం. అనుమానం వచ్చినప్పుడు రెండు రకాలుగానూ లెక్క కట్టి, ఏది ఆప్షన్లలో ఒకదానికి సరిగ్గా వచ్చి కూర్చుంటుందో చూడాలి. 712తో జవాబు చాంతాడంత భిన్నంగా వచ్చి, ఏడున్నరతో పూర్ణాంకం వస్తే, గీత ఎక్కడ జారిందో చాలావరకు తెలిసినట్టే.

ఆప్షన్లను సాక్షిగా నమ్మడానికీ ఒక హద్దుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లు తప్పు దారిలో వెళితే వచ్చే జవాబుల్నే ఆప్షన్లుగా పెడతారు. మన తొట్టి లెక్కలో జరిగింది అదే. కాబట్టి లెక్క ఆప్షన్‌కు సరిపోయిందన్నంత మాత్రాన అది సరైన బొమ్మ అని కాదు. మిగతా బొమ్మలన్నీ కుదరవని తేలాలి. రైలు లెక్కలో తేలింది. తొట్టి లెక్కలో తేలలేదు, తేలదు కూడా. దానికి 5 అని రాసినవాడూ, 10 అని రాసినవాడూ వాదించుకుంటే ఇద్దరి కూడికలూ సరైనవే.

మీ చేతిలో పుస్తకం ఉండి, బిట్ టైపు చేసి పంపేది మీరే అయితే, అంకెలయ్యాక ఇంకో వాక్యం కొట్టండి: ‘ఎ, బి నింపేవి, సి ఖాళీ చేసేది.’ అప్పుడు జవాబు ఒక్కటే, 10 గంటలు.