వివరణ అడుగున ఉండే ఒక్క వరుస

కొండపల్లి బొమ్మల మీద ఓ కుర్రాడు చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నాడనుకుందాం. తెల్ల పొణికి కర్రను ఉలితో చెక్కుతున్న షాట్ ఒకటి తక్కువైంది. యూట్యూబ్‌లో వెతికితే సరిగ్గా అలాంటిదే దొరికింది. దాన్ని తన ఫిల్మ్‌లో కలుపుకోవచ్చా? జవాబులో సగం ఆ వీడియో పేజీలోనే ఉంటుంది, చాలామంది చూడని చోట.

కంప్యూటర్‌లో వీడియో తెరిచి, కింద వివరణలో ‘more’ నొక్కి చివరిదాకా వెళ్లాలి. ఎక్కించిన వ్యక్తి పునర్వినియోగానికి ఒప్పుకొని ఉంటే అక్కడ License అన్న మాట, దాని పక్కన ‘Creative Commons Attribution license (reuse allowed)’ అని కనిపిస్తాయి. యూట్యూబ్ ఈ వెసులుబాటును 2011లో తెచ్చింది. ఆ వరుస లేకపోతే మామూలు యూట్యూబ్ లైసెన్సు ఉన్నట్టే లెక్క. అంటే చూడొచ్చు, లింకు పంచుకోవచ్చు, కోసి సొంత వీడియోలో అతికించాలంటే మాత్రం హక్కుదారును అడగాలి. వెతికేటప్పుడే ఫిల్టర్లలో Creative Commons ఎంచుకుంటే ఈ లైసెన్సు పెట్టిన వీడియోలే వస్తాయి.

యూట్యూబ్‌లో క్రియేటివ్ కామన్స్ రకం ఇదొక్కటే. పేరు చెప్పి వాడుకోండి, మార్చుకోండి, డబ్బు సంపాదించుకున్నా సరే అనేది దీని సారం. వ్యాపారానికి వద్దనో, మార్చవద్దనో చెప్పే రకాలు విమియోలో ఎంచుకోవచ్చు గానీ ఇక్కడ కుదరదు. అందుకే అలాంటి షరతు ఉన్నవాళ్లు దాన్ని వివరణలో మాటల్లో రాస్తుంటారు. లైసెన్సు వరుస ఒకటి చెప్పి, పైనున్న మాటలు ఇంకోటి చెబుతుంటే తొందరపడకుండా ఒక మెయిల్ పెట్టి అడగడమే మంచిది.

ఇక మిగతా సగం జవాబు. ఆ వరుసను పెట్టింది యూట్యూబ్ కాదు, వీడియో ఎక్కించిన మనిషి. స్టూడియోలో వివరాల పేజీలో రెండే ఎంపికలున్న ఒక పెట్టె ఉంటుంది. అందులో రెండోది నొక్కితే చాలు, హక్కు పత్రాలు చూపమని అప్పుడు ఎవరూ అడగరు. సొంత సరుకుకే ఈ లైసెన్సు పెట్టాలన్నది నియమం. కంటెంట్ ఐడీ క్లెయిమ్ ఉన్న వీడియోకు పెట్టనివ్వరు కూడా. కానీ ఆ యంత్రం తన జాబితాలో ఉన్నవాటినే పోల్చుకుంటుంది. ఎవరో చిన్న ఛానెల్‌వాళ్లు తీసిన షాట్‌ను మరొకరు ఎత్తుకొచ్చి ఎక్కిస్తే అది పట్టుబడకపోవచ్చు. తనది కానిదాన్ని ధారపోసే హక్కు ఎవరికీ లేదు కనుక, అలాంటి లైసెన్సు చెల్లదు.

మన కుర్రాడు ఆ వీడియోను మళ్లీ చూశాడు. లైసెన్సు వరుస ఉంది. కానీ ఒక మూల సగం చెరిపిన లోగో మసకగా కనిపిస్తోంది. ఛానెల్‌లో తక్కినవన్నీ వంటలు, క్రికెట్, సీరియల్ ముక్కలు. వివరణలో ‘క్రెడిట్స్ టు ఓనర్’ అని ఉంది. ఆ ఓనర్ తాను కాదని ఎక్కించిన మనిషే ఒప్పుకున్నాడన్నమాట! దాన్ని వదిలేసి ఇంకోటి చూశాడు. ఆ ఛానెల్‌లో అదే కెమెరాతో తీసిన బొమ్మల వీడియోలు చాలా ఉన్నాయి, తీసినావిడ తన గొంతుతో మాట్లాడుతోంది. వెనకాల మాత్రం సినిమా పాట ఒకటి వినిపిస్తోంది. బొమ్మ ఆవిడదే, పాట ఆవిడది కాదు. కాబట్టి శబ్దం తీసేసి దృశ్యం వరకే వాడుకున్నాడు.

ఎక్కించినవాళ్లు రేపు మనసు మార్చుకుని ఆ వరుసను తీసేయొచ్చు. క్రియేటివ్ కామన్స్ నిబంధనల ప్రకారం, అంతకుముందే తీసుకున్నవాళ్ల హక్కు దాంతో పోదు. కానీ అప్పుడు అలా ఉండేదని చూపించాలిగా. వికీమీడియా కామన్స్‌లోకి యూట్యూబ్ నుంచి వీడియో చేరిస్తే, లైసెన్సు వరుసను సమీక్షకులు స్వయంగా చూసి ఆ సంగతి తేదీతో నమోదు చేసేది ఇందుకే. మామూలు మనిషికి తేదీ కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్, పేజీ లింకు ఉంటే నయం.

ఆ రుజువు ఎప్పుడు పనికొస్తుందో చెప్పడానికి ‘సింటెల్’ ఉంది. బ్లెండర్ ఫౌండేషన్ 2010లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసిన యానిమేషన్ చిత్రమది. 2014లో సోనీ పిక్చర్స్ పేరుతో వచ్చిన క్లెయిమ్ వల్ల యూట్యూబ్‌లో కొంతకాలం ఆగిపోయి, తర్వాత తిరిగి వచ్చింది. తీసినవాళ్లకే ఆ తిప్పలు తప్పలేదు.

లైసెన్సు అడిగే ప్రతిఫలం పేరు చెప్పడమే. ‘యూట్యూబ్ సౌజన్యం’ అంటే సరిపోదు. వీడియో శీర్షిక, ఛానెల్ పేరు, లింకు, లైసెన్సు పేరు, చేసిన మార్పు రావాలి. కుర్రాడు తన వీడియో వివరణలో ఆవిడ శీర్షిక, ఛానెల్, లింకు రాసి, ‘క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సు; నిడివి తగ్గించాం, శబ్దం తీసేశాం’ అని చేర్చి, లైసెన్సు పాఠానికి కూడా లింకు ఇచ్చాడు.