నంబరు తప్పితే డబ్బు ఎవరిది?

తెనాలిలో ఎరువుల కొట్టు నడిపే ఒకాయన గుంటూరు డీలరుకు 48 వేలు పంపాలనుకుందాం. డీలరు ఫోన్లో ఖాతా నంబరు చెబుతున్నాడు. మధ్యలో ‘‘ట్రిపుల్ సెవెన్, ఫోర్’’ అన్నాడు. కొట్టులో జనం, బయట ఆటోల మోత. ఈయన ‘‘డబుల్ సెవెన్, డబుల్ ఫోర్’’ అని కొట్టాడు. అంకెల లెక్క సరిపోయింది కాబట్టి యాప్ అడ్డు చెప్పలేదు. పేరు గడిలో డీలరు పేరే రాశాడు, ఐఎఫ్ఎస్సీ కూడా సరైనదే. ఐఎంపీఎస్‌లో డబ్బు క్షణాల్లో వెళ్లిపోయింది. సాయంత్రం డీలరు ఫోను: ‘‘డబ్బు ఇంకా పడలేదండీ.’’

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటే. పేరు సరిగ్గా రాశాం కదా, ఆ పేరూ ఖాతా పేరూ కలవనప్పుడు బ్యాంకు ఎలా జమ చేసింది? ఎందుకంటే బ్యాంకు పేరు చూడదు, నంబరే చూస్తుంది. 2010 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఎలక్ట్రానిక్ బదిలీల్లో ఖాతా నంబరు ఒక్కదాని ఆధారంగానే జమ చేయవచ్చు, ఆ నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవారిదే అని. డబ్బు పంపే ముందు తెరమీద చిన్న అక్షరాల్లో కనిపించే హెచ్చరిక దాని ఫలితమే. చదవకుండానే దాని పక్కన టిక్కు పెట్టేస్తాం.

తప్పు నంబరంటే డబ్బు పోయినట్టేనా? అలా ఏం లేదు. ఆ నంబరుతో అసలు ఖాతాయే లేకపోయినా, ఉన్న ఖాతా మూసేసినా డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. నెఫ్ట్‌లో అయితే జమ చేయలేని మొత్తాన్ని, ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు తిప్పి పంపాలి. ఐఎంపీఎస్‌లో మన ఖాతాలో తగ్గి అవతల జమ కాకపోతే, మర్నాటికల్లా తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకే పరిహారం కట్టాలి. చిక్కంతా ఆ నంబరుతో నిజంగా ఒక మనిషి ఉన్నప్పుడే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది డబ్బు దారిలో ఉందా, ఎవరి ఖాతాలోనైనా పడిందా అన్నది. లావాదేవీ వివరాల్లో యూటీఆర్ లేదా ఆర్ఆర్ఎన్ అని ఒక నంబరు ఉంటుంది. అది చెబితే బ్యాంకువాళ్లు చూసి చెప్పగలరు. మన తెనాలి వ్యాపారికి తెలిసింది రెండో శనివారం సాయంత్రం, బ్రాంచికి సెలవు. సోమవారం దాకా ఆగితే అవతలివాళ్లు డబ్బు తీసేసుకోవచ్చు. కాబట్టి ఆ సాయంత్రమే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. బ్రాంచికి ఈమెయిల్ కూడా పంపాలి. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు, ఈమెయిల్‌కు తేదీ, సమయం ఉంటాయి.

ఉత్తరంలో కథ అక్కర్లేదు. ఇంత చాలు:

‘‘ఫలానా తేదీ ఉదయం 11 గంటలకు నా ఖాతా నుంచి రూ.48,000 ఐఎంపీఎస్ ద్వారా పంపాను. ఆర్ఆర్ఎన్ నంబరు ఇది. పంపవలసిన ఖాతా ఇది, పొరపాటున పంపిన ఖాతా ఇది. దయచేసి అవతలి బ్యాంకును వెంటనే సంప్రదించి, ఖాతాదారు అంగీకారంతో డబ్బు తిరిగి ఇప్పించండి. అప్పటిదాకా ఆ మొత్తాన్ని ఆపే వీలుంటే ఆపమని కోరండి. తీసుకున్న చర్యను నాకు రాతపూర్వకంగా తెలపండి.’’

స్క్రీన్‌షాట్‌తో పాటు, డీలరు అసలు ఖాతా నంబరున్న బిల్లు ఏదైనా ఉంటే అదీ జతచేయాలి. రెండు నంబర్లూ పక్కపక్కన కనిపిస్తే పొరపాటని ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

బ్యాంకు చేయగలిగింది ఎంతవరకో తెలిస్తే కౌంటర్ దగ్గర అనవసరపు గొడవ తగ్గుతుంది. మన బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది. వాళ్లు తమ ఖాతాదారుకు ఫోన్ చేసి అడుగుతారు. ఆయన సరేనని రాసిస్తే తిప్పి పంపుతారు. అంతకుమించి ఆయన అనుమతి లేకుండా ఖాతాలోంచి డబ్బు తీసే అధికారం సాధారణంగా బ్యాంకుకు లేదు. ఆయన పేరు, చిరునామా, ఫోన్ నంబరు మనకు చెప్పడం కూడా కుదరదు. మేనేజరు మొండిగా ఉన్నాడనిపించేది ఇక్కడే. కానీ రేపు ఎవరో వచ్చి మన ఖాతాలో డబ్బు తనదంటే, మనల్ని అడగకుండా ఇచ్చేయకూడదనే కదా మనం కోరుకునేది!

రెండు ఖాతాలూ ఒకే బ్యాంకువైతే పని త్వరగా అవుతుంది. అవతలిది చాన్నాళ్లుగా వాడని ఖాతా అయితే డబ్బు కదలకుండా ఉంటుంది, కానీ అంగీకారం ఇచ్చే మనిషి దొరకడమే కష్టం. అది బాకీ ఉన్న ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా అయితే మాత్రం మన 48 వేలు ఆయన అప్పులో కలిసిపోతాయి.

ఆయన ఇవ్వనంటే? చట్టం మన వైపే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను ప్రకారం, పొరపాటున అందిన డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. తనది కాదని తెలిసి దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరం కూడా. 2021లో బిహార్‌లోని ఖగడియా జిల్లాలో ఒక గ్రామీణ బ్యాంకు అయిదున్నర లక్షలు పొరపాటున ఒకరి ఖాతాలో వేసింది. అది ప్రధాని పంపిన డబ్బనుకున్నానని ఆయన తిరిగి ఇవ్వలేదు. పోలీసులు అరెస్టు చేశారు. అది బ్యాంకు చేసిన తప్పు కాబట్టి వెంటపడింది బ్యాంకే. మన తప్పుకు వెంటపడాల్సింది మనమే.

అందుకు పోలీస్ స్టేషన్లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. మనకు చెప్పని పేరూ చిరునామా, పోలీసులు దర్యాప్తులో భాగంగా అడిగితే బ్యాంకు ఇస్తుంది. కోర్టు ఆదేశించినా ఇస్తుంది. ఆ తర్వాత లాయరు నోటీసు పంపవచ్చు, సివిల్ దావా వేయవచ్చు. దావాకు గడువు మూడేళ్లు. చిన్న మొత్తమైతే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లడం మేలు. నోటీసు అందగానే దిగివచ్చేవాళ్లుంటారు.

ఇక్కడ కొందరు ఒక అడ్డదారి చెబుతారు: 1930కి ఫోన్ చేసి మోసపోయానంటే ఖాతా వెంటనే ఆపేస్తారట. అది సైబర్ మోసాల కోసం పెట్టిన నంబరు. మనమే కొట్టిన నంబరును మోసమని రాయిస్తే అబద్ధపు ఫిర్యాదవుతుంది, రేపు దావాలో మన మాటే మనకు అడ్డం వస్తుంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తన పని చేసిందా లేదా అన్నదే. డబ్బు అందుకున్న మనిషిని కట్టమని చెప్పడం ఆయన పరిధిలో లేదు. బ్యాంకు మన ఉత్తరాన్ని పక్కన పడేసిందని ఈమెయిళ్లతో చూపగలిగితే మాత్రం ఫిర్యాదుకు బలం ఉంటుంది.

2025 ఏప్రిల్ 1 కల్లా నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు కొత్త సదుపాయం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్సీ కొట్టగానే అవతలి ఖాతాదారు అసలు పేరు తెరమీద కనిపిస్తుంది. దానికి చార్జీ లేదు, బ్రాంచికి వెళ్లి పంపేవాళ్లకూ ఉంటుంది. పేరు తెలియకుండా పంపే రోజులు దీంతో చాలావరకు పోయాయి. అయినా పాత బెనిఫిషియరీల జాబితాలో ఇద్దరు శ్రీనివాసరావులుంటే ఈ సదుపాయమూ కాపాడలేదు. పేరు పక్కన ‘ఎరువులు’, ‘ఇంటి అద్దె’ అని గుర్తు రాసుకోవడం ఒక్కటే దారి.

ఇదే వ్యవహారం అటునుంచి కూడా రావచ్చు. ఎవరో ఫోన్ చేసి ‘‘అన్నా, మీ ఖాతాలో పొరపాటున పాతిక వేలు పడ్డాయి, ఈ నంబరుకు కొట్టేయండి’’ అంటారు. కొన్నిసార్లు అది ఇంకొకరిని మోసగించి తెచ్చిన డబ్బై ఉంటుంది. వాళ్లు చెప్పిన నంబరుకు పంపితే డబ్బు అక్కడి నుంచి మాయమవుతుంది, కేసులో మన ఖాతా ఇరుక్కుంటుంది. అసలు పడిందో లేదో మెసేజ్‌లో కాకుండా ఖాతాలో చూసుకోవాలి. పడి ఉంటే ముట్టుకోకుండా మన బ్రాంచికి రాసివ్వాలి. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో అదే ఖాతాకు బ్యాంకు ద్వారా తిరిగి వెళ్లాలి.