బతుకమ్మ లేకపోయినా రండి

ఆగస్టులో అమెరికాలో చదువుకో, కొత్త కాపురానికో దిగిన తెలంగాణ అమ్మాయికి నెలా రెండు నెలల్లోనే బతుకమ్మ వచ్చేస్తుంది. అప్పటికి ఆమెకు ఊళ్లో నలుగురు కూడా తెలిసి ఉండరు. కారు ఉండదు, ఇంట్లో తాంబాలం ఉండదు. అలాంటి సమయంలో స్థానిక తెలుగు సంఘం ఆహ్వానం ఫోన్లో కనిపిస్తుంది. వెళ్లాలా వద్దా అన్నది చాలావరకు ఆ నాలుగు వాక్యాలు చదివాకే తేలుతుంది.

మామూలుగా వచ్చే ఆహ్వానంలో కార్యవర్గం ఫొటోలు, దాతల పేర్లు, సభ్యులకు ఒక టికెట్ ధర, సభ్యులు కానివారికి ఇంకో ధర ఉంటాయి. పాతవాళ్లకు అది చాలు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం 'సభ్యులు కానివారు' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. వాళ్ల సందేహాలు వేరు. బతుకమ్మ లేకుండా వట్టి చేతులతో వెళ్తే ఎలా ఉంటుంది? పాటలు రావు, ఫర్వాలేదా? ఎవరితో కలిసి ఆడాలి?

ఇలా రాస్తే ఆ సందేహాలు చాలావరకు తీరతాయి:

"ఈ ఊరికి కొత్తగా వచ్చారా? ముందుగా మిమ్మల్నే పిలుస్తున్నాం. శనివారం మధ్యాహ్నం మూడింటికి బడి వెనక గేటు దగ్గరికి రండి. పూలు, తాంబాలాలు మా దగ్గర ఉంటాయి. పేర్చడం రానివాళ్లకు పక్కన కూర్చుని చూపిస్తాం. ఆట ఐదింటికి మొదలవుతుంది. కారు లేనివాళ్లు గురువారం లోపు చెప్పండి. వచ్చి తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపుతాం. ఈ ఏడాదే వచ్చినవాళ్లకు టికెట్ లేదు. ఒక్కరే వచ్చినా, అమ్మానాన్నలను తీసుకొచ్చినా, తెలుగు రాని స్నేహితులతో వచ్చినా మాకు సంతోషమే."

ఇందులో అన్నిటికన్నా విలువైనది ఆ మధ్యాహ్నం మూడు గంటలు. ఆట వేళకు వచ్చినవాళ్లు చూసేవాళ్లుగా మిగిలిపోవచ్చు కానీ, పూల దగ్గరికి వచ్చినవాళ్లకు చేతినిండా పని దొరుకుతుంది. చలిదేశంలో తంగేడు దొరకదు. సెప్టెంబరులో కిరాణా దుకాణాల ముందు అమ్మే చామంతి కుండీలు, పెరట్లో వేసుకున్న బంతి ఆ లోటు తీరుస్తాయి. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, పూల తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా వరుస పేర్చి, నడుమ ఆకులూ తుంచిన కాడలూ కూరి అదమాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. నడుమ వదులుగా ఉంటే మూడో వరుసకే పూలు లోపలికి జారతాయి, కారులో తెచ్చేసరికి బతుకమ్మ ఒరిగిపోతుంది. ప్రతి వరుసకూ అరచేత్తో నొక్కి చూడమని పక్కనున్న పెద్దావిడ చెబుతుంది. పైన పసుపు గౌరమ్మను పెట్టేలోపు ఆమె ఏ ఊరావిడో, వాళ్లింట్లో సద్దులకు మలీద ఎలా ముద్ద చేస్తారో తెలిసిపోతుంది.

పాట రాదన్న బెంగ కూడా అక్కర్లేదు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పాటలివి. నాలుగు చుట్లు తిరిగేసరికి చప్పట్ల లయ చేతులకు పడుతుంది. ఆ మాటా ఆహ్వానంలో ఒక వాక్యంగా చేర్చాలి.

శనివారం పెట్టుకోవడానికి తిథి అడ్డం రాదు. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల నుంచి దుర్గాష్టమి నాటి సద్దుల దాకా తొమ్మిది రోజులు కాబట్టి మధ్యలో శనివారం ఉండనే ఉంటుంది. అయితే ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. శనివారం సరిగ్గా ఆ రోజుకే పడితే మర్నాడు ఆదివారం పెట్టుకుంటే పెద్దవాళ్లకూ పట్టింపు ఉండదు.

నిమజ్జనం సంగతి ముందే చెప్పకపోతే చిక్కే. చెరువులో పూలు వదలడానికి చాలా పార్కులు ఒప్పుకోవు, అందుకని పెద్ద నీళ్ల తొట్టి ఏర్పాటు చేస్తారు. దారాలు, గుండుసూదులు తీసేసి రమ్మని ఆహ్వానంలోనే రాస్తే కొత్తవాళ్లు అందరి ముందూ ఇబ్బంది పడరు. భోజనానికి ఎంతమంది వస్తారో అడగడం కూడా తప్పదు. హాలులో ఇంతమందే ఉండాలన్న అగ్నిమాపక నిబంధన ఉంటుంది. "మీకు కుర్చీ, భోజనం ఉంచడానికే అడుగుతున్నాం" అని కారణం చెబితే అది తనిఖీలా అనిపించదు.

ఆహ్వానం ఎంత బాగున్నా గుమ్మం దగ్గర ఎవరూ లేకపోతే వృథా. ఆట మొదలయ్యాక పాత స్నేహితులంతా ఒక వలయం కడతారు, కొత్తవాళ్లు గోడ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడిపోతారు. అందుకే ఇద్దరు ముగ్గురు కార్యకర్తలకు ఈ ఒక్క పనే అప్పజెప్పాలి: ఒంటరిగా నిలబడ్డవాళ్లను "రా అక్కా, ఇక్కడ జాగా ఉంది" అని చెయ్యి పట్టుకుని వలయంలోకి తీసుకురావడం, ఆట ఆగాక భోజనాల బల్ల దగ్గర వాళ్ల వీధిలోనే ఉండే మరో కుటుంబానికి పరిచయం చేయడం. దసరాకు జమ్మి పెట్టుకోవడానికి ఎక్కడ కలుస్తున్నారో కూడా ఆ బల్ల దగ్గరే చెప్పేస్తే, వాళ్లు ఇంకో ఆహ్వానం కోసం ఎదురుచూడనక్కర్లేదు.