టైఫాయిడ్ ముందు ఒక్కొక్కటిగా ఓడిన మందులు

పాకిస్తాన్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. సింధ్ రాష్ట్రంలో, సింధు నదికి దగ్గరగా. 2016 నవంబరులో అక్కడి పిల్లలకు వచ్చిన టైఫాయిడ్ డాక్టర్లను కలవరపెట్టింది. ఆ ఊరికి టైఫాయిడ్ కొత్త కాదు. సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లు వేస్తున్నా జ్వరం దిగకపోవడం కొత్త. పిల్లల రక్తం తీసి, అందులోని బ్యాక్టీరియాను పెంచి పరీక్షిస్తే, క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రిమోక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్ అనే ఐదింటిలో ఏదీ దాన్ని చంపలేకపోయింది. నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. 2018 చివరికి సింధ్‌లో ఇలాంటి కేసులు ఐదు వేలు దాటాయి.

మందు పనిచేయకపోతే 'ఒళ్లు మందుకు అలవాటు పడిపోయింది' అంటుంటారు. అలవాటు పడేది ఒళ్లు కాదు. మారిపోయేది ఒంట్లో చేరిన బ్యాక్టీరియా. అందుకే జీవితంలో ఒక్క యాంటీబయాటిక్ కూడా వాడని పసిపిల్లకు సైతం మందుకు లొంగని టైఫాయిడ్ రావచ్చు. ఆ బ్యాక్టీరియా వేరెవరి ఒంట్లోనో, ఏ మురుగునీటిలోనో మారి, తాగే నీళ్ల ద్వారా ఆ పిల్లను చేరుతుంది. సాల్మొనెల్లా టైఫి అనే ఈ జీవి ఐదు మందులను ఒక్కసారిగా ఓడించలేదు. డెబ్భై ఏళ్లలో ఒక్కొక్కదానికి ఒక్కో ఉపాయం సంపాదించుకుంది.

మొదట ఓడింది క్లోరాంఫెనికాల్. 1948లో మలయాలోని కౌలాలంపూర్‌లో థియోడర్ వుడ్‌వర్డ్ అనే అమెరికా వైద్యుడి బృందం దాన్ని టైఫాయిడ్ రోగులకు ఇచ్చి చూసింది. వారాల తరబడి మనిషిని పీల్చి పిప్పి చేసే జ్వరం కొద్ది రోజుల్లోనే దిగింది. బ్యాక్టీరియా తనకు కావాల్సిన ప్రొటీన్లన్నిటినీ రైబోజోమ్ అనే యంత్రంలో తయారు చేసుకుంటుంది. క్లోరాంఫెనికాల్ నేరుగా వెళ్లి దానికి అతుక్కుంటుంది. ప్రొటీన్ల తయారీ ఆగిపోతే బ్యాక్టీరియా పెరగలేదు.

పాతికేళ్లు కూడా గడవకముందే, 1972లో, మెక్సికోలో ఈ మందుకు లొంగని టైఫాయిడ్ వేల మందికి వ్యాపించింది. అదే ఏడాది కేరళలోని కోళికోడ్‌లోనూ బయటపడింది. అక్కడి బ్యాక్టీరియా దగ్గర ఒక ఎంజైమ్ ఉంది. మందు అణువు లోపలికి రాగానే అది ఎసిటైల్ అనే చిన్న రసాయన సమూహాన్ని తెచ్చి దానికి తగిలిస్తుంది. అణువు ముక్కలు కాదు, అలాగే ఉంటుంది. కానీ రైబోజోమ్‌ను పట్టుకోవలసిన చోటే ఆ అదనపు ముక్క అడ్డు రావడంతో అతుక్కోలేదు. రోగి గ్రాముల కొద్దీ మందు మింగుతున్నా, బ్యాక్టీరియా లోపల అది నిర్వీర్యమవుతూనే ఉంటుంది.

యాంపిసిలిన్‌ను ఓడించిందీ ఎంజైమే, పద్ధతి మాత్రం వేరు. పెన్సిలిన్ కుటుంబపు మందులన్నిటికీ ప్రాణం నాలుగు పరమాణువుల చిన్న వలయంలో ఉంది. బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ ఒక నీటి అణువును ప్రయోగించి ఆ వలయాన్ని తెంచేస్తుంది. తెగిన మందు ఇక దేనికీ పనికిరాదు. ఈ రకం ఎంజైమ్‌ను ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్న్‌స్ట్ చెయిన్ 1940లోనే గుర్తించి ప్రకటించారు. అప్పటికి పెన్సిలిన్ ఇంకా ఆసుపత్రుల్లోకి రానేలేదు. బ్యాక్టీరియాకు ఈ ఆయుధాలు మనం మందులు వాడడం వల్ల పుట్టుకొచ్చినవి కావు. శిలీంధ్రాలూ బ్యాక్టీరియా మట్టిలో లక్షల ఏళ్లుగా ఒకదానిపై ఒకటి ఇలాంటి విషాలు ప్రయోగించుకుంటూనే ఉన్నాయి. ఆయుధమున్న వాటిని బతకనిచ్చి, లేనివాటిని చంపి, ఎంపిక చేసింది మాత్రం మన వాడకమే.

టైఫాయిడ్ బ్యాక్టీరియా ఈ ఎంజైముల జన్యువులను తానుగా తయారు చేసుకోలేదు, పక్క బ్యాక్టీరియా నుంచి తెచ్చుకుంది. బ్యాక్టీరియాలో అసలు జన్యుపదార్థం కాక ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాలు ఉంటాయి. రెండు బ్యాక్టీరియాలు ఆనుకున్నప్పుడు ప్లాస్మిడ్ నకలు ఒకదాన్నుంచి మరొకదానికి వెళ్లగలదు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల్ని ఎదిరించే జన్యువులు వరుసగా ఉండొచ్చు. 1980ల చివరికి క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రిమోక్సజోల్ మూడూ దాదాపు ఒకేసారి పనికిరాకుండా పోవడానికి కారణమిదే. ఆ మూడింటిలో ఏ ఒక్కటి వాడినా మిగతా రెండిటి నిరోధకత కూడా దానితోపాటే నిలబడుతుంది.

అప్పుడు ఆదుకున్నది సిప్రోఫ్లాక్సాసిన్. మన దగ్గర సిప్రో అంటే తెలియని ఇల్లు లేదు. దాని లక్ష్యం గైరేజ్ అనే ఎంజైమ్. బ్యాక్టీరియా విభజన చెందేటప్పుడు మెలికలు పడిన డీఎన్ఏను గైరేజ్ తెంచి, మెలిక విప్పి, మళ్లీ అతికిస్తుంది. తెంచిన క్షణంలో సిప్రో వచ్చి అతుక్కుంటే డీఎన్ఏ తెగినట్టే ఉండిపోయి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఈ మందు విషయంలో టైఫాయిడ్ బ్యాక్టీరియా మందును ముట్టుకోలేదు. తన గైరేజ్‌నే మార్చుకుంది. దాని డీఎన్ఏలో దాదాపు 48 లక్షల అక్షరాలు ఉంటాయి. గైరేజ్ జన్యువులో ఒకచోట సి అనే అక్షరం టి గా మారింది, అంతే. దాంతో ఆ ప్రొటీన్‌లో 83వ స్థానంలో సెరీన్ ఉండాల్సిన చోట ఫినైల్ అలనైన్ వచ్చి కూర్చుంది. సిప్రో పట్టు దొరకబుచ్చుకునేది సరిగ్గా అక్కడే. గైరేజ్ మాత్రం తన పని తాను మామూలుగానే చేసుకుంటోంది.

ఈ ఒక్క మార్పుతో సిప్రో పూర్తిగా ఓడిపోలేదు. ఎన్నో ఆసుపత్రులు మోసపోయింది ఇక్కడే. ప్రయోగశాలలో గిన్నెలో బ్యాక్టీరియాను పరిచి, మధ్యలో మందు బిళ్ల పెట్టి చూస్తారు. బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం తగినంత పెద్దగా ఉంటే 'మందుకు లొంగుతుంది' అని రాస్తారు. 83వ స్థానం మారిన బ్యాక్టీరియా చుట్టూ కూడా వలయం వచ్చేది, ముందుకంటే కాస్త చిన్నదిగా. రిపోర్టు బాగుందని సిప్రో ఇచ్చేవారు. వారం దాటినా రోగికి జ్వరం తగ్గేది కాదు. ఆ మార్పును పట్టించింది అదే కుటుంబానికి చెందిన పాత మందు నాలిడిక్సిక్ యాసిడ్. దాని బిళ్ల చుట్టూ వలయం రాలేదంటే గైరేజ్ మారినట్టే లెక్క. చివరికి 2012లో అమెరికా ప్రమాణాల సంస్థ టైఫాయిడ్ బ్యాక్టీరియాకు సిప్రో 'లొంగుతుంది' అనే హద్దును మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము నుంచి 0.06 మైక్రోగ్రాముకు దించింది. అంటే అంతవరకు హద్దు పదహారు రెట్లు ఎక్కువగా ఉండేది. ఆ తర్వాత గైరేజ్‌లో రెండో మార్పు, దాని తోటి ఎంజైమ్‌లో మరో మార్పు తోడైన రకాలూ వచ్చాయి. వాటి ముందు సిప్రో పూర్తిగా నిస్సహాయం. ఇవాళ భారతదేశంలో టైఫాయిడ్ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ఈ కుటుంబపు మందులకు సరిగా లొంగదు.

సింధ్ హైదరాబాద్‌లో 2016లో వచ్చిన రకం అప్పటికే క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్ నిరోధక జన్యువులను ప్లాస్మిడ్ నుంచి తన అసలు డీఎన్ఏలోకే కలిపేసుకుని ఉంది. దానికి కొత్తగా మరో ప్లాస్మిడ్ దొరికింది. పేగుల్లో ఉండే ఈ.కోలై వంటి బ్యాక్టీరియా నుంచి అది వచ్చిందని జన్యు పరీక్షలు సూచించాయి. అందులో సీటీఎక్స్‌-ఎమ్-15 అనే బీటా లాక్టమేజ్ ఉంది. పాత బీటా లాక్టమేజ్ తెంచలేని సెఫ్ట్రియాక్సోన్ వలయాన్ని కూడా ఇది తెంచగలదు. గైరేజ్‌ను సిప్రో అంటకుండా కాపాడే ఒక ప్రొటీన్ జన్యువు కూడా అందులోనే ఉంది. తాగునీటి గొట్టాల్లోకి మురుగు కలిసే ఊళ్లో ఆ రకం ఇంటింటికీ చేరింది.

మిగిలింది అజిత్రోమైసిన్. దానికి ఎదురైంది మూడో ఉపాయం, పంపు. బ్యాక్టీరియా పైపొరల్లో ఏసీఆర్‌బీ అనే ప్రొటీన్ పంపు ఉంటుంది. మూడు భాగాలు వంతులవారీగా ఆకారం మార్చుకుంటూ, లోపలికి చొరబడిన అణువులను పట్టి, ఒక గొట్టం గుండా బయటికి తోసేస్తాయి. చిల్లుపడ్డ పడవలో నీళ్లు తోడుతూనే ఉన్నట్టు ఆ పని ఆగదు. టైఫాయిడ్ బ్యాక్టీరియాకు ఈ పంపు పుట్టుకతోనే ఉంది. పైత్యరసం మధ్య, పిత్తాశయంలో, బతకాలంటే ఆ లవణాలను తోసేయక తప్పదు. మామూలుగా ఈ పంపు అజిత్రోమైసిన్‌ను ఎక్కువగా తోడెయ్యలేదు. ఢాకా పరిశోధకులు 2009 నుంచి 2016 వరకు సేకరించిన 1,082 టైఫాయిడ్, పారాటైఫాయిడ్ నమూనాలను పరిశీలిస్తే 13 అజిత్రోమైసిన్‌కు లొంగనివి కనిపించాయి. ఏసీఆర్‌బీలో 717వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది. మందు పంపులోకి ప్రవేశించే దారిలో ఉన్న చోటు అది. 2019లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. తర్వాత భారత్, నేపాల్, పాకిస్తాన్‌లలోనూ ఇదే మార్పు కనబడింది.

మందును తోడెయ్యడమే నిరోధకత కాగలదని మొదట తెలిసింది టెట్రాసైక్లిన్‌తో, 1980లో, బోస్టన్‌లోని స్టువర్ట్ లెవీ ప్రయోగశాలలో. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ వచ్చింది లెడర్లీ ప్రయోగశాలల్లో. అప్పుడు అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

సింధ్‌లో వ్యాధిని అదుపు చేయడానికి కొత్త మందు రాలేదు, టీకా వచ్చింది. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకాను 2018 నుంచి అక్కడి పిల్లలకు వేశారు. ఆరు నెలల పసివాళ్లకు కూడా వేయగలిగిన టీకా అది. ఈ మొండి రకాన్ని అది 97 శాతం అడ్డుకున్నట్టు అక్కడి అధ్యయనంలో తేలింది. బ్యాక్టీరియా పైతొడుగును ఒంటికి ముందే గుర్తుపట్టేలా చేసే టీకాకు, లోపల ఏ ఎంజైమ్ ఉంది, ఏ పంపు ఉంది అన్న దానితో పని లేదు.

క్లోరాంఫెనికాల్ వాడకం తగ్గాక భారతదేశంలో చాలావరకు టైఫాయిడ్ బ్యాక్టీరియా దానికి మళ్లీ లొంగుతోంది. అయితే అరుదుగానైనా ఎముక మజ్జను ఎండగట్టే మందు కాబట్టి డాక్టర్లు దాన్ని తేలిగ్గా రాయరు. పైగా సింధ్ రకంలో ఆ నిరోధక జన్యువు అసలు డీఎన్ఏలోనే కలిసిపోయింది కాబట్టి, వాడకం తగ్గినంత మాత్రాన పోతుందన్న నమ్మకం లేదు.

మన ఊళ్లలో జ్వరం రాగానే చేయించే విడాల్ పరీక్ష వీటిలో ఏ మార్పునూ చెప్పలేదు. అది చూసేది ఒంట్లో ప్రతిరక్షకాలను, బ్యాక్టీరియాను కాదు. పాత జ్వరానికి, టీకాకు కూడా అది పాజిటివ్ రావచ్చు. ఏ మందు పనిచేస్తుందో చెప్పగలిగేది బ్లడ్ కల్చర్. పెద్దవాళ్లకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి పెంచాలి, ఫలితానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. టైఫాయిడ్ ఉన్నవాళ్లలో కూడా సగం మందికి కాస్త ఎక్కువలోనే అది దొరుకుతుంది, ముందే యాంటీబయాటిక్ పడితే ఇంకా తగ్గుతుంది. అందుకే మూడు రోజులు దాటిన జ్వరంతో ఆసుపత్రికి వెళ్తే, మొదటి మాత్ర వేసుకోకముందే కల్చర్‌కు రక్తం తీయమని అడగండి.