కువైట్‌లో నెల్లూరు నంబరు

విదేశానికి వెళ్లిన ఫోనులో రెండు లైన్లు పక్కపక్కనే ఉండొచ్చు. ఒకటి అక్కడి డేటాకు, రెండోది ఇంటి నంబరుకు. ఇందులో ఇంటి నంబరు విలువ ఎక్కువగా తెలిసొచ్చేది నెల్లూరు తీర మండలాల నుంచి కువైట్ వెళ్లేవారికి. ఇక్కడి ఖాతాలోంచి ఇంటికి డబ్బు పంపినా, ఊళ్లో ఎరువుల బాకీ తీర్చినా బ్యాంకు ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకునేందుకు ఎన్‌పీసీఐ 2023 జనవరిలో 10 దేశాలవారికి అనుమతి ఇచ్చింది. ఆ జాబితాలో సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నాయి గానీ కువైట్ లేదు.

ఇంటి నంబరు పరాయి దేశంలో ఎలా అందుతుంది? ఫోను అక్కడి టవరుకు తగలగానే, ఈ నంబరు ఫలానా నెట్‌వర్కులో ఉందని ఇక్కడి ఆపరేటరు రికార్డులో నమోదవుతుంది. బ్యాంకు పంపిన ఎస్సెమ్మెస్ ఆ రికార్డు చూసుకుని అక్కడికి చేరుతుంది. దీనికి మొబైల్ డేటా అక్కర్లేదు. అందుకే ఇంటి లైనులో డేటా రోమింగ్ పూర్తిగా ఆపేసినా ఓటీపీ వస్తుంది. మన ఆపరేటర్లు సాధారణంగా రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు డబ్బు తీసుకోరు. వచ్చిన కాల్ ఎత్తితే మాత్రం ఖర్చే. ఇండియా నుంచి కువైట్ దాకా కాల్ మోసుకెళ్లే రుసుము ఎత్తినవారి మీదే పడుతుంది.

ఇందుకూరుపేట నుంచి చెన్నై మీదుగా కువైట్ వెళ్లే ఒక మనిషిని అనుకుందాం. ఫోనులో ఒకటే సిమ్ ట్రే, దాంతోపాటు ఈ-సిమ్ సౌకర్యం ఉన్నాయి. నెల రోజుల పర్యటనే అయితే ఇంటి సిమ్ ట్రేలోనే ఉంచి, డేటాకు ట్రావెల్ ఈ-సిమ్ కొనుక్కోవడం సులువు. దాని క్యూఆర్ కోడ్‌ను ఇంట్లో వైఫై మీదే దించుకోవాలి. కోడ్ మామూలుగా ఒక్కసారే పనిచేస్తుంది, దించడానికి ఇంటర్నెట్టూ కావాలి. ఏళ్ల తరబడి పనికి వెళ్లేవారి సంగతి వేరు. అక్కడ దుకాణంలో ఇచ్చే సిమ్ కార్డుకు ట్రే ఖాళీగా ఉండాలి గనక ఇంటి నంబరునే ఈ-సిమ్‌గా మార్చుకోవడం మేలు. ఈ మార్పు ప్రయాణం ముందురోజు చేస్తే చిక్కే. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం విభాగం నిబంధన ఉంది. ఆ వ్యవధిలో ఓటీపీ రాదు. కనీసం వారం ముందు మార్చుకుని, ఆపరేటరు యాప్‌లో అంతర్జాతీయ రోమింగ్ సేవ తెరిపించుకోవాలి. యూపీఐ యాప్ కొత్త ఫోనులో పెట్టుకోవాలన్నా ఆ పని ఊళ్లోనే ముగించాలి. నమోదప్పుడు ఆ యాప్ ఇంటి నంబరు నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. రోమింగ్‌లో పంపే ఎస్సెమ్మెస్‌కు రుసుము ఉంటుంది, ఒక్కోసారి అది వెళ్లదు కూడా.

బయలుదేరే ముందు కాల్ మళ్లింపులు రద్దు చేయాలి. చాలామంది మరిచేది ఇదే. కువైట్‌లో ఎత్తని కాల్ మళ్లీ ఇండియాకు మళ్లితే రెండు అంతర్జాతీయ ప్రయాణాల ఖర్చు ఖాతాలో పడొచ్చు. డయలర్‌లో ఈ కోడ్ నొక్కితే మళ్లింపులన్నీ పోతాయి:

```
##002#
```

కువైట్‌లో దిగాక డేటాకు స్థానిక లైనును ఎంచుకుని, ఇంటి లైనుకు డేటా రోమింగ్ ఆపాలి. ఇంకో స్విచ్ కూడా చూడాలి: ఒక లైను బలహీనమైతే రెండోదానికి డేటాను తనంతట తానే మార్చే ఏర్పాటు. ఐఫోనులో దాని పేరు Allow Cellular Data Switching. అది తెరిచి ఉండి, ఇంటి లైనుకు రోమింగ్ కూడా ఆన్‌లో ఉంటే, తెలియకుండానే డేటా అటు పారుతుంది.

ఓటీపీ రాకపోతే ముందు ఇంటి లైను గుర్తు పక్కన నెట్‌వర్కు పేరు ఉందో లేదో చూడాలి. లేకపోతే రోమింగ్ సేవ తెరుచుకోలేదు, లేదా ఆ నెట్‌వర్కుతో ఒప్పందం లేదు. సెట్టింగ్స్‌లో వేరే నెట్‌వర్కును చేత్తో ఎంచుకుని చూడొచ్చు. పేరు ఉండీ రాకపోతే రీచార్జి గడువు చూడాలి. ఓటీపీ వచ్చినా బ్యాంకు యాప్ తెరుచుకోకపోతే తప్పు నంబరుది కాకపోవచ్చు. ట్రావెల్ ఈ-సిమ్‌ల డేటా తరచూ మూడో దేశం మీదుగా బయటికి వస్తుంది. ఆ దేశపు ఐపీ చిరునామా చూసి యాప్ అనుమానించవచ్చు. అప్పుడు స్థానిక వైఫై మీద ప్రయత్నించాలి.

దీర్ఘకాలం ఉండేవారికి మరో గండం నంబరు రద్దు. ట్రాయ్ 2013 నిబంధనల ప్రకారం 90 రోజులు వాడకం లేకపోతే ప్రీపెయిడ్ నంబరు తీసేయొచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే అవి కోసుకుని మరో 30 రోజులు ఉంచాలి. వాడకమంటే కాల్, పంపిన ఎస్సెమ్మెస్, డేటా వంటివి. వచ్చిన ఓటీపీలు ఆ లెక్కలోకి రావు. పైగా నంబరు మిగిలినా ప్యాక్ గడువు దాటితే సేవలు ఆగిపోతాయి. 2024 డిసెంబరులో ట్రాయ్ కాల్స్, ఎస్సెమ్మెస్‌కే పరిమితమైన వోచర్లు ఇవ్వాలని ఆపరేటర్లను ఆదేశించి, వాటి గరిష్ఠ గడువును 365 రోజులకు పెంచింది. కువైట్ వెళ్లేవారు డేటా ప్యాక్ మోయక్కర్లేదు, ఈ వోచరు చాలు. దాని గడువు తేదీని ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లాలి.